ఇన్‌బాక్స్‌లో తువ్వాలలు

టీం సభ్యులందరికీ, నయీంనగర్ ఆఫీసు, హనుమకొండ.

మన ఉమ్మడి ఇన్‌బాక్స్‌ను పన్నెండు మంది చూస్తున్నారు. చూస్తున్నారన్నది నిజమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

మంగళవారం ఒక కస్టమర్ తనకు ఒకే బిల్లు రెండుసార్లు పడిందని రాశాడు. మనలో ఒకరు చాయ్ తాగుతూ ఆ మెయిల్ మీద నొక్కి, తర్వాత చూద్దామనుకుని కింది మెయిల్‌కు పోయారు. అవుట్‌లుక్ ఉమ్మడి మెయిల్‌బాక్స్‌లో ఒకరు తెరిస్తే అందరికీ తెరిచినట్టే కనబడుతుంది. బోల్డ్ అక్షరాలు పోయాయి. మిగతా పదకొండు మందీ ‘ఎవరో చూసిండ్రు గద’ అనుకుని నిశ్చింతగా ఉన్నారు.

గురువారం అతనే మళ్లీ రాశాడు, ఈసారి కోపంగా. ఇద్దరు జవాబిచ్చారు. ఐదు పనిదినాల్లో డబ్బు వాపస్ వస్తుందని ఒకరు, అసలు రెండుసార్లు పడనే లేదని ఇంకొకరు. ‘మీ సహనానికి ధన్యవాదాలు’ అన్న ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. రెండో ఆయన్ని అడిగితే ‘మొదటి జవాబు నాకు కనవడలే సార్’ అన్నాడు. అది అబద్ధం కాదు. ఉమ్మడి అడ్రస్ పేరుతో పంపినా, సెట్టింగ్ మార్చనంతవరకూ ఆ కాపీ పంపినవాళ్ల సొంత సెంట్ ఐటమ్స్‌లోకే పోతుంది. అడ్మిన్ వాళ్లకు రాసి మార్పించాను. ఆలస్యమైంది, ఎందుకంటే వాళ్లదీ ఉమ్మడి ఇన్‌బాక్సేనట.

ఇక కొత్త రూల్స్. మెయిల్ చదివారంటే తీసుకున్నట్టు కాదు. దాని మీద మీ పేరున్న రంగు కేటగిరీ పెట్టాకే అది మీది. పేరు పెట్టాకే జవాబు మొదలుపెట్టాలి, జవాబు రాశాక పేరు పెట్టడం కాదు. పనిబడి తెరిచి వదిలేస్తే, దయచేసి మళ్లీ ‘అన్‌రీడ్’ చేసి పోండి.

అయితే పేరు పెట్టడం కూడా మనకు తేలిగ్గానే అలవాటైంది. హనుమకొండ బస్టాండ్‌లో బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేసినట్టు, పొద్దున్నే పాస్‌వర్డ్ రీసెట్ మెయిళ్లన్నిటి మీదా ఒకరి పేరే పడుతోంది. నాలుగు పేజీల బిల్లు తగాదా మాత్రం సాయంత్రం దాకా నిలబడే ప్రయాణిస్తోంది. అందుకని పాతది ముందు తీసుకోవాలి, ఒకరి పేరు మీద ఒకేసారి ఐదుకు మించి ఉండకూడదు. రెండు గంటల్లో జవాబు గానీ, ‘ఫలానా వివరం కోసం ఆగాను’ అన్న నోట్ గానీ లేకపోతే ఆ పేరు తీసేసే హక్కు ఎవరికైనా ఉంది. మేడారం జాతరకు పోతూ ఒక తమ్ముడు పదహారు మెయిళ్ల మీద పేరు పెట్టి పోయాడు. అమ్మవార్లు వనప్రవేశం చేశాక గానీ ఆయన ఆఫీసు ప్రవేశం చేయలేదు. ఇకమీదట సెలవు పెట్టేవాళ్లు ముందు పేర్లు తీసి, తర్వాత బ్యాగు సర్దుకోవాలి.

ట్యాగుల సంగతి. ప్రస్తుతం మనకు ‘అర్జెంట్’, ‘చాలా అర్జెంట్’, ‘నిజంగా అర్జెంట్’ అని మూడున్నాయి. ‘సార్ చూశారు’ అని ఇంకొకటి ఉంది, దాని అర్థమేమిటో సార్‌కే తెలియదు. ఇవన్నీ తీసేస్తున్నాం. పేరుతో పాటు మూడే ఉంటాయి: మన దగ్గర ఉంది, కస్టమర్ దగ్గర ఉంది, ముగిసింది. అన్నిటికీ అర్జెంట్ అని పెట్టే చోట అర్జెంట్‌ను వెతకడానికే ఒక మనిషి కావాలి.

ఒక మెలిక మిగిలింది. కేటగిరీ ఆ ఒక్క మెయిల్‌కే అంటుకుంటుంది. కస్టమర్ తిరిగి రాస్తే ఆ జవాబు మామూలుగా ఏ రంగూ లేకుండా, ఎవరూ లేని అనాథలా వచ్చి కూర్చుంటుంది. కొత్తది దొరికిందని సంబరపడకండి. ముందు ఆ సంభాషణ మొత్తం తెరిచి, పాత మెయిల్ మీద ఎవరి పేరుందో చూసి వాళ్లకే అప్పగించండి. బిల్లు తగాదా కస్టమర్‌కు మూడో జవాబు ఇచ్చింది ఈ పని చేయని వారే.

మేనేజర్‌గారు ఇన్‌బాక్స్ ఎంత ఖాళీగా ఉందని అడుగుతారు, తెలుసు. ‘ముగిసింది’ అని ట్యాగ్ కొడితే ఖాళీ అవుతుంది గానీ కస్టమర్ సమస్య ముగియదు. నెలాఖరున ఒక్క లెక్కే అడుగుతాను: ముగిసిందన్న వాటిలో ఎన్ని మళ్లీ తిరిగొచ్చాయి?

రూల్స్ సోమవారం నుంచి అమలు. దీనికి ఎవరూ ‘నోటెడ్ సార్’ అని రిప్లై ఆల్ కొట్టవద్దని మనవి. అవి కూడా ఇదే ఇన్‌బాక్స్‌కు వస్తాయి, మళ్లీ ఒక్కొక్క దాని మీద ఎవరో ఒకరు పేరు పెట్టాలి.