స్లాబు షావుకారు

బట్టల కొట్టు షావుకార్లలో ఒక రకం ఉంది. కూర్చునేది గల్లా పెట్టె దగ్గరే, చూపంతా సేల్స్ కుర్రాళ్ల మీద. జీతం ఇస్తే మనిషి కునుకు తీస్తాడనీ, కమిషన్ ఇస్తే లేచి నిలబడతాడనీ ఆయన గట్టి నమ్మకం. ఎంత ఇస్తే ఎంత నిలబడతాడో క్యాలెండరు వెనక పెన్సిలుతో లెక్క వేస్తూ ఉంటాడు. ఈయనకు నేను పెట్టుకున్న పేరు స్లాబు షావుకారు.

ఆయన స్లాబు ఇదీ. నెల జీతం 14,000. కుర్రాడి అమ్మకం 4 లక్షలు చేరితే మొత్తం మీద నూటికి రూపాయి, అంటే 4,000. చేరకపోతే పైసా రాదు.

దీని మహిమ చూడాలంటే 30వ తారీఖు సాయంత్రం కొట్టుకు వెళ్లాలి. ఒక కుర్రాడి లెక్క 3,92,000 దగ్గర ఆగి ఉంది. జాకెట్టుకు లైనింగు గుడ్డ కోసం ఒకావిడ మెట్లెక్కింది.

“రండక్కా, కూర్చోండక్కా. ఏయ్, అక్కకి కూల్ డ్రింకు!”

ఆవిడ నోరు తెరిచేలోగా పరుపు మీద పట్టుచీరలు పరుచుకున్నాయి. మెరూన్ రంగుది కుర్రాడు తన భుజం మీదే వేసుకుని కొంగు చూపించాడు.

“మా ఇంట్లో ఇప్పుడు పెళ్లిళ్లేం లేవయ్యా.”

“చీర ముందు కొనండక్కా, పెళ్లి అదే కుదురుతుంది.”

ఆవిడ 8,000 చీరతో మెట్లు దిగింది. లైనింగు గుడ్డ మాత్రం మరిచిపోయింది.

కుర్రాణ్ని అని లాభం లేదు. ఆ ఒక్క చీరతో గడప దాటితే అతనికి వచ్చేది 4,000. చీర ధరలో సగం! నాకు అలాంటి లెక్క పెడితే కొట్టు పైకప్పు కూడా అమ్మేస్తాను. పక్కనున్న కుర్రాడిది ఇంకో తమాషా. అతని లెక్క 25వ తారీఖుకు రెండున్నర లక్షలే. ఎలాగూ అందదని తేలిపోయింది కాబట్టి ఏది అడిగినా “స్టాకు లేదండీ” అంటున్నాడు.

3వ తారీఖున ఆవిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. డబ్బు వాపసు లేదని బోర్డు ఉందిగా, పట్టుచీర ఇచ్చేసి 3,000కు రెండు కాటన్ చీరలు తీసుకుని, మిగతాదానికి చీటీ రాయించుకుంది. షావుకారు 30న ఒక అమ్మకం, 3న ఒక అమ్మకం రాసుకుని మురిసిపోయాడు. గుమాస్తా కళ్లద్దాలు సర్దుకుని అన్నాడు: “4,000 ఇచ్చి మన చీర మనమే వెనక్కి తెచ్చుకున్నామండీ. మడత కూడా నలిగింది.”

షావుకారుకు రోషం వచ్చింది. మార్పిడికి వచ్చిన ప్రతి చీర మీదా కమిషన్ కోసేస్తానన్నాడు. మర్నాటి నుంచి మన కొట్టు కవరు పట్టుకుని ఎవరు మెట్లెక్కినా కుర్రాళ్లు స్టాకు గదిలోకి మాయం.

చివరికి గుమాస్తా చెప్పిన పద్ధతి ఇదీ. మొదటి రూపాయి నుంచే నూటికి అర్ధరూపాయి ఇవ్వాలి, గడప ఉండకూడదు. 4 లక్షలు అమ్మినవాడికి దాని మీద 2,000 వస్తుంది. మిగతా 2,000 జీతంలో కలిపి 16,000 చేయాలి. మార్పిడి గడువు పదిహేను రోజులు దాటాకే కమిషన్ చేతికివ్వాలి. చీర మార్చుకుంటే, బదులు తీసుకున్నది కూడా మొదట అమ్మిన కుర్రాడి లెక్కలోనే పడాలి. అప్పుడు ఆ 8,000 చీరకు వచ్చేది ఏ తారీఖునైనా 40 రూపాయలే. నలభై కోసం ఎవడూ చీర భుజాన వేసుకోడు. అలాగని ఎవడూ స్టాకు లేదనీ అనడు.

లైనింగు గుడ్డ సంగతి వేరు. 80 రూపాయల గుడ్డకు 40 పైసలు వస్తే దాన్ని ఎవడు కోస్తాడు? ఆ కౌంటరు కమిషన్ అక్కడి నలుగురికీ సమానంగా పంచమన్నాడు గుమాస్తా. నలుగురిలో బద్ధకస్తుడెవడో మిగతా ముగ్గురికీ తెలుస్తుంది. ఇరవైమందికి కలిపి పంచితే తెలియదు.

“4 లక్షలు చేరనివాళ్లకూ ఇవ్వాలా? ఖర్చు పెరగదూ?” అన్నాడు షావుకారు. పెరుగుతుందనే ఒప్పుకున్నాడు గుమాస్తా. రెండు అంకెలు మాత్రం చూడమన్నాడు: నెల చివరి మూడు రోజుల అమ్మకం ఎంత, తర్వాతి వారం మార్పిడికి వచ్చింది ఎంత. రెండూ తగ్గితే పద్ధతి పనిచేస్తున్నట్టే.

షావుకారు మూడు నెలలు చూశాడు. రెండూ తగ్గాయి. చాలా సంతోషించి, క్యాలెండరు తిప్పి, పెన్సిలు చెక్కుతూ అడిగాడు: “దీపావళికి మాత్రం ఒక చిన్న స్లాబు పెడదామా?”

కాబట్టి లైనింగు గుడ్డ కావలసినవాళ్లు నెల మొదటి వారంలోనే వెళ్లండి.