పలక చూడని పాఠ్య పథకం

మా రోజుల్లో పాఠ్య పథకం అంటే రూళ్ల పుస్తకంలో ఒక్క పేజీ. సొంత చేత్తో రాసి సోమవారం పొద్దున్నే హెడ్మాస్టారి బల్ల మీద పెడితే ఆయన చదివి సంతకం చేసేవారు. ఇప్పుడది ఆరు పేజీలైంది, రాసే పని కూడా లేకుండా వాట్సాప్‌ గ్రూపులో పీడీఎఫ్‌గా వచ్చి పడుతోంది. అభ్యసన ఫలితాలు, కృత్యాలు, మూల్యాంకనం అన్నీ గడుల్లో పొందిగ్గా ఉంటాయి. రేపు ఆ గదిలో కూర్చోబోయే పిల్లల ఊసు మాత్రం ఎక్కడా ఉండదు. నా కోపమంతా దాని మీదే.

మా కాలంలో అన్నీ సవ్యంగా ఉండేవని నేననను. ట్రైనింగులో నేర్పిన హెర్బార్టు సోపానాల ప్రకారం పథకం రాసేవాళ్లం, అందులో తరగతి మొత్తానికీ ఒకటే లక్ష్యం. అది అందనివాడు వెనక వరసకి చేరి ఏడాదంతా అక్కడే ఉండిపోయేవాడు. బ్రిటన్ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో నడిచిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, మేమంతా ‘అపెప్’ అనేవాళ్లం, ఆ తప్పును దిద్దబోయింది. పిల్లల మధ్య తేడాలకు తగ్గట్టు పని ఇవ్వాలని, ఒంటరి పనీ జట్టు పనీ తరగతి పనీ మూడూ ఉండాలని దాని సూత్రాల్లోనే ఉంది. 2021లో వచ్చిన నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి అయ్యేసరికి చదవడం, రాయడం, లెక్కలు రావాలంటోంది. కోరిక మంచిదే. దాన్ని కాగితం మీదికి తెచ్చేటప్పుడే వస్తోంది తంటా.

మొన్న మా మేనకోడలు వచ్చింది. మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు, మూడో తరగతి తనదే. ఫోనులో పథకం చూపించి, “మామయ్యా, ఇది రేపటి తీసివేత పాఠం, ఒకసారి చూస్తారా?” అంది. లక్ష్యం దగ్గర ‘విద్యార్థులు తీసివేత భావనను అవగాహన చేసుకుంటారు’ అని ఉంది.

“అవగాహన అయిందో లేదో నీకెలా తెలుస్తుందమ్మా?” అన్నాను. ఆ అమ్మాయి మాట్లాడలేదు. తప్పు ఆమెది కాదు, ఆ వాక్యానిది. కంటికి కనిపించేది ఏదీ అందులో లేదు. మేం పథకం రాయడానికి కూర్చోగానే మాచేత ‘స్పష్టీకరణలు’ అని రాయించేవారు, అంటే పిల్లవాడు ఏం చేసి చూపిస్తాడు అని. దాన్నిలా మార్చి రాశాం: ‘ఒకట్లు చాలనప్పుడు ఒక పదుల కట్ట విప్పి, రెండంకెల సంఖ్య నుంచి రెండంకెల సంఖ్యను తీసివేస్తారు. పలక మీద రాసిన ప్రతి అంకెనూ పుల్లల్లో చూపిస్తారు.’ ఇలా రాసుకుంటే పిరియడ్‌లో ఏం చేయాలో, చివర ఏం అడగాలో సగం తేలిపోతుంది.

తర్వాత కృత్యం. పథకంలో ‘పుల్లలతో కృత్యం నిర్వహించాలి’ అని ఒక్క ముక్క ఉంది. ఏ సంఖ్యతో, ఎవరి చేతిలో ఎన్ని పుల్లలు, అవి ముందురోజే కట్టి ఉంచాలా, ఇవేవీ లేవు. చీపురుపుల్లలు ముక్కలు చేసి పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి, ప్రతి కట్టనూ లెక్కపెట్టి చూసుకోవాలి. ఒక్క కట్టలో తొమ్మిదే ఉంటే ఆ జట్టుకి పాఠమంతా తప్పే.

53 − 27 తీసుకున్నాం. అయిదు కట్టలు, మూడు విడి పుల్లలు. “ఇరవై ఏడు ఇవ్వు” అంటే పిల్లవాడు రెండు కట్టలు ఇచ్చేస్తాడు, ఏడు విడి పుల్లల దగ్గర ఆగిపోతాడు. అక్కడ టీచరు కూడా ఆగాలి. కట్ట విప్పాలన్న ఆలోచన వాడికే రావాలి. విప్పాక, ఇచ్చిన రెండూ కలిపి నాలుగు కట్టలు, పదమూడు పుల్లలు. రెండు కట్టలూ ఏడు పుల్లలూ పోతే మిగిలేది 26. ఒకరు పుల్లలు కదుపుతుంటే పక్కవాడు అదే క్షణంలో పలక మీద 5 కొట్టేసి 4 వేయాలి. పుల్లల పని ముగించేసి తర్వాత రాత మొదలుపెడితే పిల్లలకు ఆ రెండూ వేర్వేరు ఆటలైపోతాయి. “నువ్వు కొట్టేసి రాసిన ఈ నాలుగేది, చూపించు” అంటే దిక్కులు చూస్తారు.

అందరికీ ఈ పనే కుదరదు. 34ని మూడు కట్టలూ నాలుగు పుల్లలుగా చూడలేనివాళ్లుంటారు. వాళ్లకు ఆరోజు తీసివేత వద్దు. 34ని ఒకసారి అలా పెట్టి, ఒక కట్ట విప్పి రెండు కట్టలూ పద్నాలుగు పుల్లలుగా పెట్టి, రెండూ ఒకటేనని లెక్కపెట్టి చెబితే చాలు. మొదటి పది నిమిషాలూ టీచరు వాళ్ల దగ్గరే కూర్చోవాలి. ఇప్పటికే వచ్చేసినవాళ్లకి మరో పది లెక్కలు వడ్డించడం ఇప్పటి పద్ధతి, దానివల్ల చేతి నొప్పి తప్ప ఏమీ రాదు. వాళ్లను ఇలా అడగమన్నాను: “50 నుంచి 59 వరకు ఉన్నవాటిలో ఏ సంఖ్యల నుంచి 27 తీసేస్తే కట్ట విప్పక్కర్లేదు? ఎందుకని?” 57, 58, 59 అని రాయడం తేలికే. ఎందుకో చెప్పాలంటే మాత్రం విషయం తెలియాలి.

అసలు నాకు ఒళ్లు మండింది మూల్యాంకనం గడి చూసి. 63 − 28 అని ఒకే లెక్క ఇచ్చారు, వస్తే టిక్కు, రాకపోతే ఇంటూ. ఆ లెక్క ఎంచినవాళ్లు పిల్లల పలక ఎప్పుడైనా చూశారా అనిపించింది. మూడో తరగతిలో ఇక్కడ ముఖ్యంగా రెండు రకాల తప్పులు వస్తాయి. ఒకడు పైది కిందిది చూడకుండా పెద్దంకెలోంచి చిన్నంకె తీసేస్తాడు, 8లోంచి 3 పోతే 5, 6లోంచి 2 పోతే 4, జవాబు 45. ఇంకొకడు కట్ట సరిగ్గానే విప్పుతాడు, 13లోంచి 8 తీసి 5 వేస్తాడు, కానీ పదుల్లో ఒకటి తగ్గించడం మరిచిపోతాడు. వాడికీ 45 వస్తుంది. మొదటివాడికి పాఠం మొదటినుంచీ చెప్పాలి, రెండోవాడికి ఒక గుర్తు చాలు. ఇద్దరికీ ఒకే ఇంటూ పడుతుంది.

ఒకట్ల అంకెల మధ్య తేడా అయిదైతే ఎప్పుడూ ఇదే చిక్కు. ఒక్క అంకె మార్చి 62 − 28 ఇస్తే మొదటివాడికి 46, రెండోవాడికి 44, సరైనది 34. పలక చూడగానే ఎవరెక్కడున్నారో తెలిసిపోతుంది. దానికి తోడు 40 − 17 ఇవ్వాలి, సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి సున్నా అని 30 వేసేవాళ్లు అప్పుడే బయటపడతారు. 75 − 32 కూడా ఉండాలి. కట్ట విప్పడం కొత్తగా నేర్చినవాడు అవసరం లేకపోయినా విప్పి 313 వేస్తాడు. ఈ మూడు లెక్కలకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, నలభై అయిదు నిమిషాల పిరియడ్‌లో ఆ సమయం ముందే పక్కన పెట్టుకోవాలి. ఇప్పుడు చివరి నిమిషాలు కృత్యం ఫోటోలు తీసి అప్‌లోడ్ చేయడానికే సరిపోతున్నాయట.

ఇంకో మాట. జూన్‌లో ఒక పరీక్ష పెట్టి పిల్లలకు జట్టు పేరు తగిలిస్తే అది వేసవి సెలవుల దాకా ఊడదు. మా వెనక వరసకి ఇది కొత్త పేరు, అంతే. తీసివేతలో తడబడినవాడు ఆకారాల పాఠంలో అందరికంటే ముందుండొచ్చు. రేపటి జట్లు ఇవాళ్టి పలకల్లోంచి రావాలి. 46 వేసినవాళ్లు ఒకచోట పుల్లలతో, 44 వేసినవాళ్లు ఇద్దరిద్దరుగా ఒకరి పలక ఒకరు దిద్దుతూ, మిగతావాళ్లు మూడంకెల్లోకి. పలకలు తుడిచేలోపు ఆ పేర్లు రాసుకోవాలి, రేపటి పథకంలో మొదటి వరస అదే.

“రాసుకోవడానికి ఇందులో గడి లేదు మామయ్యా” అంది మేనకోడలు. నిజమే, ఆరు పేజీలూ తిప్పి చూశాను, లేదు. పుస్తకాల కొట్టుకి పంపించి ఒక రూళ్ల పుస్తకం తెప్పించాను.