మూతల లెక్క

అటక మీది గోనెసంచి విప్పితే నాయనమ్మ స్టీలు డబ్బాలు బయటపడ్డాయి. ఒక్కోదాని మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు, పక్కన 1978.

"ఇవి ఇంత గట్టిగా ఉంటే ప్లాస్టిక్ ఎందుకు నాన్నా?"

"లోపలేముందో కనపడుతుందనమ్మా."

పిల్ల పసుపు డబ్బా తెచ్చి చూపించింది. గోడలన్నీ పచ్చబడి ఏమీ కనపడలేదు. చక్కెర డబ్బా మూత తీస్తే ఎప్పటిదో ఇంగువ వాసన.

"స్టీల్లో ఆవకాయ పెట్టకూడదు, ఉప్పూ పులుపూ చేరి చిల్లులు పడతాయి," అన్నాడు నాన్న పట్టు వదలకుండా.

"అందుకేరా జాడీ ఉండేది," అంది నాయనమ్మ.

"2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ నిషేధం అన్నారుగా?"

"అది స్ట్రాలు, స్పూన్లు, ప్లేట్ల లాంటి వాటికి. బిర్యానీ పార్సిల్ డబ్బా ఆ జాబితాలో లేదు."

ఆ ధైర్యంతోనే కాబోలు, వాళ్ల షెల్ఫులో డబ్బాలు ముప్పై నాలుగు. సరిపోయే మూతలు పంతొమ్మిది.

నాయనమ్మ పెద్ద స్టీలు డబ్బా తుడుస్తూ అంది: "మీ తాతయ్య పాత ప్యాంట్లు మూడేస్తే ఇది ఇచ్చాడే సామాన్లవాడు. మీ నాన్న ఆ ముప్పై నాలుగూ వేసినా చెంచా ఇస్తాడేమో అడుగు."