బదిలీరావు

ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఒక బదిలీరావు ఉంటాడు. ఐడీ కార్డు మీద ఏ పేరున్నా అందరూ పిలిచేది ఇలాగే. మా పుణె ఆఫీసు బదిలీరావుది మేడ్చల్. భార్య అక్కడ ప్రభుత్వ బడిలో టీచరు. తెలంగాణ టీచరమ్మను మహారాష్ట్రకు తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు కనుక కదలాల్సింది ఈయనే. శుక్రవారం రాత్రి బస్సెక్కి షోలాపూర్ మీదుగా తెల్లారేసరికి ఇల్లు చేరతాడు, ఆదివారం రాత్రి తిరుగు బస్సు. సోమవారం మీటింగులో ఆయన కెమెరా వెలగగా చూసినవాళ్లు లేరు.

పుణెలో ఏళ్లు గడుస్తున్నా గ్యాస్ కనెక్షన్ తీసుకోలేదు. మంచం అద్దెది, ఫ్రిజ్ అద్దెది. "ఎట్లాగూ పోయేదే గదా" అంటాడు. పక్క వీధి పేరు తెలియదు గానీ, హైదరాబాద్ ఆఫీసులో ఏ అంతస్తు కాఫీ బాగుంటుందో మాత్రం చెప్పగలడు.

ఆయన మొదటి అర్జీ మూడు పేజీలు. మామగారి షుగరుతో మొదలై, పాప ఎల్‌కేజీ సీటు మీదుగా, అత్తగారి మోకాళ్ల దగ్గర ఆగింది. ఎక్స్‌రే కూడా జతచేశాడు. మేనేజరు నుంచి వచ్చిన జవాబు ఒకటే మాట: నోటెడ్.

రెండోసారి పోర్టల్లో బేస్ లొకేషన్ మార్పు ఫారం తెరిచాడు. అందులో బిజినెస్ జస్టిఫికేషన్ అని ఒక గడి. ఆ గడి ముందు మనిషి మారిపోయాడు. తాను హైదరాబాద్‌లో కూర్చుంటే సినర్జీ పెరుగుతుందని రాశాడు. మేనేజరు పిలిచి అడిగాడు.

"సినర్జీ అంటే?"

"అందరం కలిసి పనిచేస్తాం సార్."

"ఇప్పుడు చెయ్యడం లేదా?"

ఇక గడువు. తొందరపెట్టినట్టుంటే బాగుండదని, ఎప్పుడైనా ఫర్వాలేదని రాశాడు. మేనేజరు మంచివాడు, ఆ మాట నమ్మాడు. దసరా రిలీజ్ అయ్యాక చూద్దామన్నాడు, తర్వాత క్లయింటు ఆడిట్ అన్నాడు, తర్వాత అప్రైజల్స్ అన్నాడు. "ఎప్పుడైనా"కు క్యాలెండర్లో తారీఖు ఉండదు కదా, పాపం ఆయన మాత్రం ఎక్కడ రాసుకుంటాడు?

చివరికి మా టీమ్ లీడ్ కల్పించుకుంది. ఆమె కూడా తెలుగమ్మాయే, రావుకు అక్క వరస కలిపేసుకుంది. లంచ్‌లో డబ్బా పక్కకి జరిపి నిలదీసింది. "నువ్వెళ్తే మేనేజరుకు ఏం ఇబ్బంది? అది చెప్పు ముందు." బదిలీరావు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. అంతకాలం అర్జీలు పెట్టినా ఆ కోణంలో ఆలోచించనే లేదు.

ఇబ్బంది ఉంది. బిల్లింగ్ మాడ్యూల్ ఆయనొక్కడికే తెలుసు. కానీ టీమ్‌లో పదకొండు మంది ఉంటే, దాన్ని టెస్ట్ చేసే నలుగురూ హైదరాబాద్‌లోనే ఉన్నారు. రోజూ ఫోన్లో వాళ్లకు జవాబు చెప్పేది ఈయనే. ఆయన సినర్జీ అన్నది ఇదే, చెప్పడం రాలేదంతే.

అక్క దగ్గరుండి రాయించిన అర్జీ ఒక పేజీ. ఇంటి సంగతి రెండు వాక్యాలు: భార్య ఉద్యోగం కదలదు, పాప బడిలో చేరాలి. ఆ తర్వాత హైదరాబాద్ నలుగురి సంగతి. ఆ కింద ఆరు వారాల అప్పగింత: మొదటి రెండు వారాలు జూనియర్ పక్కన కూర్చుని చూస్తాడు, తర్వాతి రెండు వారాలు జూనియర్ చేస్తుంటే ఈయన చూస్తాడు, చివరి రెండు వారాలు పిలిస్తేనే పలుకుతాడు. గడువు ఏప్రిల్ 15 నుంచి మే 31 లోపు ఎప్పుడైనా. జూన్ 12న తెలంగాణలో బడులు తెరుస్తారు, అందుకని. కుదిరేదీ కుదరనిదీ మార్చి నెలాఖరుకల్లా చెబితే స్కూలు ఫీజు సంగతి చూసుకుంటానని ఆఖరి వాక్యం.

పంపే ముందు ఇంకో పని చేయించింది. హైదరాబాద్ మేనేజరుతో మాట్లాడించి, తమ దగ్గర ఖాళీ ఉందని, జీతం తమ ఖాతాలో వేసుకుంటామని ఆయనచేత మెయిల్ పెట్టించింది. అక్కడ ఖాళీ లేకపోతే ఇక్కడివాళ్లు హారతిచ్చి సాగనంపినా పోర్టల్ ఒప్పుకోదు. చాలామంది బదిలీరావులు బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే. "మరి సామాన్లు తరలించే ఖర్చు అడగొద్దా అక్కా?" అన్నాడు. "అడిగింది నువ్వయితే మన కంపెనీ ఇవ్వదు. అయినా నీకేం సామాన్లున్నాయ్, అన్నీ అద్దెవే కదా!" అంది.

మే మూడో వారంలో వెళ్లిపోయాడు. మొన్న ఫోన్ చేశాడు. గచ్చిబౌలి ఆఫీసు నుంచి మేడ్చల్ చేరేసరికి పాప నిద్రపోతోందట. పోచారం క్యాంపస్‌కు మారడానికి అర్జీ మొదలుపెట్టాడు. జస్టిఫికేషన్ గడిలో ఏం రాయాలో అక్కను అడిగి చెప్పమన్నాడు.