నా మీద బెంగ ఉంది అత్తయ్యగారూ!

మావారిది వేల్స్. "ఇంగ్లండులో ఓ మూల ఉంటుంది కదా, అదేనా?" అని ఎవరైనా అడిగితే ఆ పూట ఆయనకి అన్నం సయించదు. మా ఇంట్లో ఆయన భాష వెల్ష్, నాది అమలాపురం తెలుగు, ఇద్దరం అరువు తెచ్చుకుని వాడుకునేది ఇంగ్లీషు. కూర మాడిందనీ, కరెంటు బిల్లు పెరిగిందనీ చెప్పుకోడానికి అరువు భాష భేషుగ్గా సరిపోతుంది. ఎవరైనా గుర్తొచ్చినప్పుడే చిక్కు.

దానికి ఇంగ్లీషువాడు 'మిస్' అని ఒక్క మాట పెట్టుకుని ఊరుకున్నాడు. బస్సునీ మిస్సవుతాడు, క్లాసునీ మిస్సవుతాడు, కన్నతల్లినీ మిస్సవుతాడు. మనమూ ఆ దారే పట్టి ఫోన్లలో "మిస్సవుతున్నా" అని కొట్టి పడేస్తున్నాం గానీ, ఆ మాటకి జ్వరం రాదు. బెంగకి వస్తుంది.

ఇది నేను మావారికి చెప్పాల్సిన అవసరం మా నాలుగేళ్ళ పిల్ల వల్ల పడింది. వీసా గడువు అయిపోయి మా అమ్మ ఊరెళ్ళిన మూడో రోజున దానికి ఒళ్ళు కాలింది. డాక్టరుగారు గొంతు చూశారు, చెవులు చూశారు, అంతా బాగానే ఉందన్నారు. అమ్మ మాత్రం అమలాపురం నుంచి ఫోనులోనే రోగం తేల్చేసింది. "దానికి నా మీద బెంగే, ఇంకేం లేదు."

మావారు నిఘంటువు తీశారు. అందులో దుఃఖం, ఆందోళన, దిగులు వగైరాలన్నీ వరసగా ఉన్నాయి. ఆయన అన్నీ కలిపి ఓ ముద్ద చేసుకుని, మర్నాడు రైలు ఆలస్యమైతే "నాకు రైలు మీద బెంగగా ఉంది" అని మెసేజి పెట్టారు. పర్యాయపదాలతో పని జరగదని అప్పుడే తేలిపోయింది. ఇలాంటి మాటని భాగస్వామికి చెప్పాలంటే ఆస్పత్రిలో కేస్‌షీటు రాసినట్టు రాయాలి. ఎవరికి వస్తుంది, ఎవరి మీద వస్తుంది, లక్షణాలేమిటి, మందేమిటి, ఏది అది కాదు.

అమ్మని ఫోనులో కూచోబెట్టి రాశాం. బెంగ ఎవరికి వస్తుంది? పాలు మాన్పించిన పసిపిల్లకి, హాస్టల్లో పడేసిన పిల్లాడికి, కొత్తగా కాపురానికెళ్ళిన అమ్మాయికి, దూడని అమ్మేసిన ఆవుకి. లక్షణాలు? అన్నం ముట్టరు. ఆటకి పోరు. మాటిమాటికీ వీధి గుమ్మం వైపు చూస్తారు. చిన్నవాళ్ళకి జ్వరం వస్తుంది, పెద్దవాళ్ళు మంచం పడతారు. "ఆయన పోయిన బెంగతోనే ఆవిడా పోయింది" అనే మాట మన ఊళ్ళలో వినందెవరు? మందు ఒక్కటే, మనిషిని కళ్ళకి చూపించడం. వీడియో కాల్ చెయ్యొచ్చు గానీ అది పనిచేస్తుందో లేదో ముందు చెప్పలేం. మాట్లాడుతున్నంతసేపూ పిల్ల కిలకిలా నవ్వుతుంది, ఫోను పెట్టేశాక రెండింతలు ఏడుస్తుంది.

అన్నిటికన్నా పనికొచ్చింది ఆఖరి గడి. రేపు ఇంటర్వ్యూ ఉంటే కడుపులో తిరిగేది బెంగ కాదు, గుబులు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని కూచుంటే అది దిగులు. రైలు రాకపోతే ఒళ్ళు మంట. ఉన్న మనిషి ఎదట లేకపోతేనే బెంగ. ఈ గడి నింపాక మావారు రైలు జోలికి పోలేదు.

"బెంగ పెట్టుకోకు అంటారు కదా, మీరే పెట్టుకుంటారా?" అని మాత్రం అడిగారు. బొట్టు పెట్టుకున్నట్టే బెంగా మనమే పెట్టుకుంటాం మరి. "పెట్టుకోగలిగినవాళ్ళు తీసేసుకోవచ్చుగా?" దీనికి జవాబు నా దగ్గర లేదు, అమ్మ దగ్గర ఉంది. "పెట్టుకోడం మన చేతిలో పని బాబూ. తియ్యడం అవతలి మనిషి చేతిలో ఉంటుంది."

సంక్రాంతికి అమలాపురం వెళ్ళినప్పుడు అసలు పరీక్ష వచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మావారికి పులిహోర పొలమారింది. అమ్మ గబగబా వచ్చి నడినెత్తిన తట్టి, "మీ అమ్మగారు తలుచుకుంటున్నారు" అంది. ఆయన నీళ్ళు తాగి, గడియారం చూసి, "అక్కడ ఇంకా తెల్లారలేదు అత్తయ్యగారూ, మా అమ్మ నిద్ర లేవదు" అన్నారు. "అయితే కల్లోకి వచ్చుంటావులే" అని అమ్మ తేల్చేసింది. అంతే, ఆయనకి కార్మార్థెన్ గుర్తొచ్చింది. వాళ్ళమ్మా, వానా, ఇంటి వెనక గొర్రెలూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చినట్టున్నాయి. చెయ్యి కడుక్కుని వచ్చి, నేర్చుకున్న తెలుగంతా కూడదీసుకుని అన్నారు.

"అత్తయ్యగారూ, నా మీద బెంగ ఉంది."

అమ్మ నావైపు చూసింది. "ఎవరికి బాబూ?"

"నాకే."

"నీకు నీ మీదే బెంగా!"

"అవునండి, చాలా ఉంది."

అమ్మ ఇంకేమీ అడక్కుండా లోపలికెళ్ళి గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చి దిష్టి తీసింది.

పాపం, ఆయన తప్పేమీ లేదు. వెల్ష్ భాషలో బెంగకి దగ్గరి చుట్టం హిరాయ్థ్ అని ఒకటుంది. "నాకు హిరాయ్థ్ ఉంది" అని వాళ్ళనరు. "మాయ్ హిరాయ్థ్ అర్నా ఈ" అంటారు, అంటే హిరాయ్థ్ నా మీద ఉంది అని. జలుబూ అంతే, దగ్గూ అంతే. అన్నీ వచ్చి మనిషి మీదే కూచుంటాయి. మన తెలుగులోనూ 'మీద' ఉంది గానీ, అది కూచునే చోటు వేరు. పిల్లకి అమ్మమ్మ మీద బెంగ. అంటే వెల్ష్‌లో ఆ బరువు గుర్తు చేసుకునేవాడి నెత్తిన ఉంటుంది, తెలుగులో గుర్తొచ్చేవాళ్ళ నెత్తిన పెడతాం. భాగస్వామికి మాట నేర్పేటప్పుడు అర్థం ఒక్కటే నేర్పి విభక్తి వదిలేస్తే ఉప్పూ మిరపకాయలూ ఖర్చవుతాయి.

ఆ రాత్రి పాఠం అటు తిరిగింది. హిరాయ్థ్ ఎవరి కోసమో చెప్పాలంటే 'ఆమ్' అనే మాట వెయ్యాలట. 'ఆమ్' పక్కన చేరితే వేల్స్ పేరు కమ్రి కాస్తా గమ్రి అవుతుంది. కకారం గకారమైంది! టెన్త్‌లో గసడదవాదేశ సంధికి మార్కులు పోగొట్టుకున్న నాకు అది కార్మార్థెన్‌లో ఎదురవుతుందని ఎవరనుకున్నారు? మావారు మాత్రం కూరగాయలు, అన్నదమ్ములు అనే మాటల్ని విడదీసి చూసి, "మీకూ ఈ రోగం ఉందన్నమాట" అని సంతోషించారు.

హిరాయ్థ్‌ని బెంగతో సరిపెట్టేద్దామనుకున్నాను గానీ కుదర్లేదు. బెంగకి మందుంది, మనిషి తిరిగొస్తే తగ్గుతుంది. హిరాయ్థ్ తిరిగి వెళ్ళడానికి వీల్లేని చోటు మీద కూడా ఉంటుంది. మావారు కపెల్ కెలిన్ గురించి చెప్పారు. ఉత్తర వేల్స్‌లో బాలా ఊరి దగ్గర ట్రవెరిన్ లోయలో ఓ చిన్న పల్లె. లివర్‌పూల్ నగరానికి నీళ్ళ కోసం ఆనకట్ట కట్టి 1965లో దాన్ని ముంచేశారు. బడి, చర్చి, ఇళ్ళు అన్నీ చెరువు కిందికి పోయాయి. ఆ పల్లెని చూడని కుర్రవాళ్ళు కూడా 'ట్రవెరిన్‌ని మరవొద్దు' అని గోడల మీద రాస్తూనే ఉన్నారు.

ఇది నాకు వివరించనక్కర్లేదు. శ్రీశైలం జలాశయంలో మునిగిన సంగమేశ్వరం గుడి మనకు లేదూ? ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలో ఉండి, ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడుతుంది. అప్పుడు జనం వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తారు. గుడి కనబడుతుంది గానీ చుట్టూ ఉన్న ఊళ్ళు కనబడవు. ఆ ముంపు ఊరివాడు గట్టు మీద నిలబడి "మా ఇల్లు అదిగో, అక్కడుండేది" అని నీళ్ళలోకి వేలు చూపిస్తాడే, ఆ వేలి చివర ఉన్నది హిరాయ్థ్ అని నాకు తెలిసింది. అవతలి భాషలో మాట వెతికితే దొరక్కపోవచ్చు. అవతలి దేశంలో అలాంటి చోటు వెతికితే మాత్రం దొరుకుతుంది.

దుఃఖాలు ఇలా ఒకదానికొకటి సర్దుకున్నాయి. సుఖాల దగ్గరే పోట్లాటలు. దక్షిణ వేల్స్‌లో కుచ్ అనే మాట ఉంది. దగ్గరికి తీసుకుని ముద్దుగా పొదువుకోవడం కుచ్. మెట్ల కింద చీపురూ వాక్యూమ్ క్లీనరూ పెట్టే కొట్టు కూడా కుచ్చే. వాళ్ళ లెక్కలో రెండూ భద్రంగా దాచుకునే చోట్లే. పెళ్ళయిన కొత్తలో ఆయన ప్రేమగా చేతులు చాచి "కుచ్" అన్నప్పుడు, ఇల్లు ఊడవమంటున్నారేమోనని నాకు అనుమానం. అమ్మ వచ్చాక మరీ ఇబ్బందయింది. ఆయన పిల్లని "కుచ్, కుచ్" అని పిలిస్తే అమ్మ సోఫాలో సర్దుకుని, "కూచున్నానులే బాబూ, ఎన్నిసార్లు చెబుతావ్" అనేది.

దానికి బదులుగా నేను నేర్పిన మాట నిమ్మళం. మొదట ఆయన దాన్ని సంతోషం అనుకున్నారు. ఆదివారం కాఫీ తాగుతూ కాళ్ళు చాపి, "నిమ్మళంగా ఉందా?" అని అడిగారు. సింకు నిండా అంట్లు పెట్టుకుని నిమ్మళం ఎక్కడినుంచి వస్తుందండీ? సంతోషం ఊరికే రావచ్చు, లాటరీ తగిలినా వస్తుంది. నిమ్మళం అలా రాదు. ముందు ఏదో ఒక కలత ఉండాలి, అది దిగాలి. పంటి నొప్పి తగ్గితే నిమ్మళించింది అంటాం. పెళ్ళివారంతా బండెక్కి వెళ్ళిపోయాక ఇంటావిడ స్తంభానికి ఆనుకుని కూచుంటుందే, ఆవిడది నిమ్మళం. దాని చప్పుడు "అమ్మయ్య". ఈ ఒక్క ముక్కా ఆయన వెంటనే పట్టేశారు, అమ్మయ్య అనడానికి ఊపిరి వదిలితే చాలు కదా!

పూర్తిగా వంటబట్టింది మాత్రం మళ్ళీ అమ్మ ప్రయాణంతోనే. హీత్రోలో ఎక్కి హైదరాబాదులో దిగి, అక్కణ్ణుంచి రాజమండ్రికి చిన్న విమానం, ఆపైన రావులపాలెం మీదుగా కారు. మావారు ఫోనులో విమానాన్ని చూస్తూ కూచున్నారు. "దిగింది, ఇదిగో, చూడు. ఇంక నిమ్మళించు" అన్నారు. దిగింది విమానం. నాక్కావలసింది అమ్మ. రాజమండ్రి వచ్చింది, ఆయన మళ్ళీ చూపించారు. నేను వంటింట్లో గిన్నెలు అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాను. ఆఖరికి ఫోను మోగింది. "చేరాను. స్నానం చేశాను. అన్నం తిన్నాను, పక్కింటివాళ్ళు పప్పుచారు ఇచ్చారు." అప్పుడు కూచున్నాను. ఆయన నా మొహం చూసి, "నిమ్మళానికి పప్పుచారు దాకా సమాచారం కావాలన్నమాట" అని చీటీలో రాసుకున్నారు.

మొన్న ఆయన స్వాన్సీ నుంచి వస్తుంటే రైలు దారిలో ఆగిపోయింది. రాత్రి బాగా పొద్దుపోయాక మెసేజి వచ్చింది, తెలుగు లిపిలో: "ఇంకా చేరలేదు. ఏమీ తినలేదు. దయచేసి నిమ్మళించకు."

వ్యాకరణం ప్రకారం ఒక్క తప్పు లేదు.