నాయకుణ్ణి కదలకుండా కాపాడే పద్ధతి

మూడొందల పేజీల నవలలో నాయకుడు వేలు కదపకుండా ఉండాలంటే, ముందుగా అతనికి ఏ కోరికా అంటకుండా జాగ్రత్తపడాలి. ఉదాహరణకు ఒక చిప్పగిరి రైతు కథ రాస్తే ఇది మరీ సులువు. సగం పని కరువే చేసిపెడుతుంది. వాన ఎగ్గొట్టింది, పత్తి ఎండింది. అప్పులవాడు వచ్చాడు, రైతు తల దించుకున్నాడు. బావమరిది గుంటూరు మిరప కోతలకు రమ్మన్నాడు, రైతు బస్సెక్కాడు. ప్రతిసారీ మొదటి అడుగు వేరేవాళ్లదే.

పద్ధతి ఫలించిందో లేదో తేల్చుకోవాలంటే రైతు ఉన్నచోటల్లా పత్తి బోరెం పెట్టి చదవాలి. ఎండినా, తూకానికెక్కినా, బస్సు మీద పడ్డా కథ మారకపోతే రాత పక్కాగా కుదిరినట్టే.

నాయకుడికి ఏదో ఒక కోరిక ఉండాలని ఎవరైనా పట్టుబడితే ‘అప్పులు తీరాలి’, ‘సుఖంగా బతకాలి’ లాంటివి ధారాళంగా ఇవ్వవచ్చు. వాటి కోసం రేపు పొద్దున లేచి ఏం చేయాలో అతనికీ తెలియదు గనుక ప్రమాదం లేదు. కోపం కూడా క్షేమమే: అప్పులవాడి మీద అరిపించి, మర్నాడు మళ్లీ అరుగు మీద కూర్చోబెట్టవచ్చు.

వస్తువూ గడువూ ఉన్న కోరిక మాత్రం దగ్గరికి రానీయకూడదు. ఆదోనిలో కుదువపెట్టిన భార్య కమ్మలు ఉగాదిలోగా విడిపించాలని రైతు పంతం పట్టాడనుకుందాం. ఇక చేటే. పెట్టుబడి ఇచ్చిన కమీషన్ వ్యాపారికి పత్తి వేస్తే మాట నిలుస్తుంది, కమ్మలు రావు. చాటుగా మరొకరికి అమ్మితే డబ్బు చేతికొస్తుంది, వచ్చే ఏటి విత్తనాలకు పెట్టుబడి పోతుంది. రెండిట్లో ఒకటి అతనే ఎంచుకోవాలి. చాటుగా అమ్మాడు. సంగతి పొక్కింది, వ్యాపారి ఇంటి మీదికొచ్చాడు. అప్పులవాడి రాక ముందు చెప్పిన కథలోనూ ఉంది. కాకపోతే ఇప్పుడు రప్పించింది రైతే. ఉన్న డబ్బంతా వ్యాపారికి కట్టేశాక గుంటూరుకు ఎవరూ పిలవనక్కర్లేదు. “కమ్మలు పోతే పోనీ, ఊళ్లోనే ఉందాం” అని భార్య అడ్డుపడుతుంది. అతనే మొండికేసి బయల్దేరతాడు. వాన ఇప్పుడూ అతని మాట వినదు, కమ్మలూ రాకపోవచ్చు. అయినా ఎక్కడ ఓడినా ఆ ఓటమిలో అతని చేయి ఉంటుంది.

చివరి అడ్డంకి గోపీచంద్. నాయకుడి చేతకానితనాన్ని సమర్థించుకోవడానికి ‘అసమర్థుని జీవయాత్ర’ (1947) పేరు చెప్పడం మామూలే. ఆ పని నవల చదవకుండా చేస్తేనే మంచిది. అందులో సీతారామారావు ఊరికే కూర్చోడు. వంశప్రతిష్ఠ నిలపాలని ఆస్తి కరగదీస్తాడు, చేసిన ప్రతి పనికీ తర్కం అల్లుకుంటాడు, ఇంట్లోవాళ్లను వేధిస్తాడు. తన బతుకును తన చేతులతోనే పాడుచేసుకుంటాడు. అక్కడ పత్తి బోరెం పెట్టి చదివితే రెండో అధ్యాయం దాకా కూడా కథ సాగదు.