చీర ఒక్కటి కట్టు తల్లీ, రంగులు మేం చూసుకుంటాం

మోడల్ అమ్మాయికి, విజయవాడ నుంచి చీరల షాపు బాబాయి దీవెనలు.

నువ్వు మా అమ్మాయి లాంటిదానివి కాబట్టి డబ్బు మాట ఎత్తకుండా మాట్లాడుకుందాం.

మొన్న శ్రావణమాసం సరుకుకి ఫొటోలు తీశాం కదా. మంగళగిరి పట్టు, నిజాం అంచు, ఒకటే డిజైను, పన్నెండు రంగులు. కుచ్చిళ్లు, పిన్నులు, పైట సర్దుకోవడం అంటూ చీరకి ఇరవై నిమిషాలు పట్టింది. చీరకి ఐదొందల లెక్కన నీకు ఆరు వేలు ఇచ్చాను. సాయంత్రానికి నువ్వు అలిసిపోయిన తీరు చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. అందుకే ఇకమీదట నువ్వు చిలకపచ్చ చీర ఒక్కటి కట్టుకుంటే చాలు. తక్కిన పదకొండూ నీకు ఏఐ కడుతుంది. నీ ఐదొందలు ఎక్కడికీ పోవు.

మిగిలిన ఐదు వేల ఐదొందలు బాబాయి జేబులో వేసుకున్నాడనుకునేవు. గుమ్మం ముందు 'భారీ తగ్గింపు' అని బోర్డు కట్టాలంటే ఎక్కడో ఒకచోట తగ్గించాలిగా అమ్మా!

నిజానికి నిన్ను అడగాల్సిన పనే లేదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం రాసుకోకపోతే, తీయించుకున్నవాడికే హక్కని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. మా బావమరిది వకీలు. "ఫొటో నీదే బావా, ముఖం మాత్రం ఆ అమ్మాయిదే" అని పుల్ల పెట్టాడు. అమితాబ్ బచ్చన్ 2022లో, అనిల్ కపూర్ 2023లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్లి, తమ రూపాన్ని అడక్కుండా వ్యాపారానికి వాడకూడదని ఉత్తర్వులు తెచ్చుకున్నారట. వాళ్లవి ఖరీదైన ముఖాలు. నీకెందుకమ్మా ఆ కోర్టుల చుట్టూ తిరుగుడు, ఎండకి రంగు తగ్గిపోతావు.

న్యూయార్క్‌లో ఇంకా విడ్డూరం. మోడల్‌కి డిజిటల్ ప్రతిరూపం చేయాలంటే దేనికి, ఎన్నాళ్లు, ఎంత ఇస్తారు అన్నీ కాగితం మీద రాసి విడిగా ఒప్పుకోలు తీసుకోవాలని 2025 జూన్ నుంచి చట్టం అమల్లో ఉంది. అందులో ఒక్కటే నాకు నచ్చింది. ఫొటోలో రంగు సరిదిద్దడం లాంటి మామూలు దిద్దుబాట్లు దాని కిందకి రావు. మనం చేసేదీ అదేగా, చిలకపచ్చని పదకొండు విధాలుగా సరిదిద్దుతున్నాం.

అయితే దాపరికం ఎందుకు, కొత్త సరుకుకి నువ్వు కట్టిన చిలకపచ్చ ఫొటో ఒక్కటే పెట్టి అప్పుడే చేయించి చూశాను. ఈ ఏఐ చీర రంగొక్కటే మార్చి ఊరుకునే రకం కాదు. ఫొటో మొత్తాన్ని మళ్లీ గీస్తుంది. చిలకపచ్చ చీర నీడ నీ గడ్డం కింద పడింది చూడు, చీరని రాణి రంగు చేశాక కూడా ఆ పచ్చదనం అలాగే ఉండిపోయి కామెర్లు సోకినట్టు కనిపించావు. అది తీసెయ్యమంటే ముఖమంతా తెల్లబడింది. మెంతి రంగుకి వచ్చేసరికి పుట్టుమచ్చ పోయింది. వంకాయ రంగులో ఉన్నది నువ్వు కాదు, నీ పిన్ని కూతురని మా ఆవిడ పందెం కాస్తోంది. అంచులో జరీ గోపురాలు కొన్నిచోట్ల రెండేసి కలిసిపోయాయి. జరీకి మెరుపు పోయి పసుపు పూసినట్టుంది.

నెమలికంఠం దగ్గర పరువు పోయింది. దానికి పడుగు నీలం, పేక పచ్చ. మడత తిరిగిన చోటల్లా రంగు మారుతుంది, ఆ చీర సొగసంతా అక్కడే. ఏఐ దాన్ని తలుపుకి పెయింటు వేసినట్టు ఒకటే రంగుతో నింపింది. తెనాలి నుంచి ఒకావిడ చీర తెప్పించుకుని, "ఫొటోలో ఉన్నది ఇది కాదు" అని తిప్పి పంపింది. నిజమే, ఫొటోలో ఉన్న చీర లోకంలో ఎక్కడా లేదు. రానూ పోనూ కొరియర్ ఖర్చు నాదే. ఈ కొత్త సరుకులో పన్నెండోదైన గంధం రంగు ఇంకా మగ్గమే ఎక్కలేదు. ఆర్డర్లు పడితే నేయిద్దామని ఆగాను.

దీంతో పంపిన కాగితం మీద సంతకం పెట్టు. 'రంగుల మార్పులు, తత్సంబంధమైన ఇతర మార్పులు' అని ఉంటుంది, కంగారు పడకు. ఇతర అంటే జాకెట్టు మెడ కాస్త కిందికి దించడం, మా తమ్ముడి నైటీల షాపుకి కూడా నిన్నే వాడుకోవడం, అంతే. గడువు రాయలేదు. ఆత్మీయుల మధ్య గడువులేమిటి?

నీ శ్రమ ఉంచుకోను. ఆ చిలకపచ్చ చీర పిన్నులు గుచ్చీ గుచ్చీ చిల్లులు పడింది, ఎటూ అమ్ముడుపోదు. హోల్‌సేల్ ధరకి నీకే ఇచ్చేస్తాను.

ఇట్లు, బాబాయి.

మరిచాను, సంతకం కింద తేదీ పోయిన నెలది వెయ్యమ్మా. పదకొండు ఫొటోలూ వెబ్‌సైట్‌లో పెట్టి అప్పుడే మూడు వారాలైంది.